పాత మేనేజర్‌ను రెఫరెన్స్ అడగడం ఎలా: పని వివరాలతో, కాదనే వీలుతో

చివరి ఇంటర్వ్యూ అయ్యాక హెచ్‌ఆర్ నుంచి ఒక ఫారం వస్తుంది. మీ పని తెలిసిన ఇద్దరి పేర్లు, హోదా, ఫోను, మెయిల్ రాయమంటారు. వారిలో ఒకరు మీరు నేరుగా రిపోర్ట్ చేసిన మేనేజర్ అయి ఉండాలంటారు. చాలామంది ముందు నంబరు రాసి పంపేసి, ఆ తరువాత "సర్, మీ నంబరు ఇచ్చాను, ఫోను వస్తే చెప్పండి" అని సందేశం పెడతారు. అలా అడిగితే ఆయనకు కాదనే అవకాశం మిగలదు. ఇష్టం లేని మనిషి ఫోనులో ఎలా మాట్లాడతారో, అలాంటి ఫోన్లు చేసే వైపు కూర్చున్న నాకు బాగా తెలుసు.

పద్ధతి స్పష్టంగా కనబడాలంటే ఒకే ఉదాహరణతో మొదటి నుంచి చివరి దాకా వెళ్లడం మేలు. ఒకామె 2020 నుంచి 2023 వరకు విశాఖపట్నంలో ఒక కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసులో డాక్యుమెంటేషన్ ఎగ్జిక్యూటివ్‌గా పనిచేశారు. ఇప్పుడు గాజువాక వైపు వేరే సంస్థలో ఉన్నారు. రొయ్యలు ఎగుమతి చేసే ఒక కంపెనీలో ఎగుమతి పత్రాల ఇన్‌ఛార్జి పోస్టుకు ఎంపిక దాదాపు ఖాయమైంది. పాత మేనేజర్‌తో మాట్లాడి ఏడాది దాటింది. ఇప్పుడు ఆయనను అడగాలి.

## 1. ముందుగా తేల్చుకోవలసినది: వాళ్లకు కావలసింది ఏది?

ఉద్యోగ ధ్రువీకరణ ఒకటి, రెఫరెన్స్ మరొకటి. ధ్రువీకరణలో చేరిన తేదీ, మానేసిన తేదీ, హోదా, కొన్నిసార్లు జీతం సరిచూస్తారు. దానికి పాత కంపెనీ హెచ్‌ఆర్ చాలు. రిలీవింగ్ లెటర్, పీఎఫ్ యూఏఎన్ ఖాతాలోని సర్వీసు వివరాలు కూడా పనికొస్తాయి. దీనికోసం మేనేజర్‌ను ఇబ్బంది పెట్టనవసరం లేదు.

రెఫరెన్స్ అంటే మీ పని కళ్లారా చూసిన మనిషి చెప్పే మాట. ఒత్తిడి రోజుల్లో ఎలా ఉండేవారు, తప్పు జరిగితే ఏం చేసేవారు, మళ్లీ అవకాశం వస్తే తీసుకుంటారా అని అడుగుతారు. మేనేజర్ కావలసింది ఇక్కడే.

అందువల్ల హెచ్‌ఆర్‌కు ముందు ఈ మూడు ప్రశ్నలు పంపండి:

- ఫోనులో మాట్లాడతారా, ఫారం పంపి నింపమంటారా?
- మీ హెచ్‌ఆరే చేస్తారా, బయటి వెరిఫికేషన్ ఏజెన్సీకి ఇస్తారా?
- మేనేజర్ సొంత మెయిల్ సరిపోతుందా, ఆఫీసు మెయిలే కావాలా?

మూడో ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది కానీ అనేక రెఫరెన్సులు ఆగిపోయేది అక్కడే. కొన్ని ఏజెన్సీలు సొంత మెయిల్ నుంచి వచ్చిన జవాబును లెక్కలోకి తీసుకోవు. మేనేజర్‌కేమో ఆఫీసు మెయిల్ వాడడం ఇష్టం ఉండకపోవచ్చు, లేదా ఆయన ఆ ఉద్యోగం మానేసి ఉండవచ్చు. ఈ సంగతి ఆయన ఒప్పుకున్నాక బయటపడితే మళ్లీ మొదటికొస్తుంది.

"వారి అనుమతి తీసుకుని మూడు రోజుల్లో వివరాలు పంపుతాను" అని హెచ్‌ఆర్‌కు రాయండి. ఇందులో సంకోచించడానికేమీ లేదు. గడువు అడిగినందుకు ఉద్యోగం పోదు.

## 2. ఎవరిని అడగాలి, ఎప్పుడు అడగాలి

పెద్ద హోదా ఉన్నవారికంటే మీ పనిని దగ్గరగా చూసినవారే మేలు. మన ఉదాహరణలో బ్రాంచి హెడ్ పేరు బరువుగానే ఉంటుంది. కానీ ఎగుమతి సరుకుకు కస్టమ్స్‌లో దాఖలు చేసే షిప్పింగ్ బిల్లు ఎవరు వేశారో, సరుకు అందుకున్నట్లు షిప్పింగ్ లైన్ ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్ డ్రాఫ్టు ఎవరు సరిచూశారో ఆయనకు తెలియదు. ఆమె ఎంచుకోవలసింది డాక్యుమెంటేషన్ మేనేజర్‌నే.

దరఖాస్తు పెట్టిన రోజే అడగవద్దు. పది కంపెనీలకు పది సార్లు ఆయనను సిద్ధంగా ఉండమనడం భావ్యం కాదు. చివరి ఇంటర్వ్యూకు పిలుపు వచ్చినప్పుడు అడిగితే సరైన సమయం. రెజ్యూమే అడుగున ఆయన ఫోను నంబరు అచ్చువేసి ఊరంతా పంచడం అసలే వద్దు.

విశాఖ విషయంలో ఒక హెచ్చరిక. పోర్టు చుట్టూ అల్లుకున్న పనుల్లో, అంటే కస్టమ్స్ బ్రోకర్లు, షిప్పింగ్ ఏజెంట్లు, గోదాములు, ఎగుమతిదారుల మధ్య, అందరికీ అందరూ తెలుసు. మీ పాత మేనేజర్, ఇప్పటి మేనేజర్ రోజూ ఒకే కంటెయినర్ గురించి ఫోనులో మాట్లాడుకుంటూ ఉండవచ్చు. కాబట్టి ఇప్పటి ఆఫీసులో ఇంకా తెలియదన్న మాటను మొదటి సందేశంలోనే పెట్టాలి.

## 3. ఒక పేజీ సిద్ధం చేసుకోండి

అడిగే ముందే ఇది చేతిలో ఉండాలి. ఆయన ఒప్పుకున్నాక రాద్దామనుకుంటే ఆలస్యమవుతుంది. పైగా వివరాలు చూడకుండా ఆయన ఒప్పుకోవడమే సరికాదు. ఏ పోస్టు కోసం మాట్లాడాలో తెలిస్తేనే తాను తగినవాడినో కాదో ఆయన తేల్చుకోగలరు.

పేజీలో ఉండవలసినవి:

- పోస్టు పేరు, కంపెనీ, ఊరు
- ఆ పోస్టులో ముఖ్యమైన మూడు పనులు, మామూలు మాటల్లో
- మీరు ఆయన దగ్గర ఏ నెల నుంచి ఏ నెల వరకు, ఏ హోదాలో పనిచేశారో
- ఆ మూడు పనులకు సంబంధించి ఆయన స్వయంగా చూసిన రెండు సందర్భాలు
- ఎందుకు మానేశారు, నోటీసు పీరియడ్ ఎంత చేశారు
- ఎవరు ఫోను చేస్తారు, ఏ వారంలో, ఎంతసేపు
- ప్రకటన ప్రతి, తాజా రెజ్యూమే

ఇందులో అందరూ తేలిగ్గా వదిలేసేది నాలుగోది. ఏళ్లు గడిచాక మేనేజర్‌కు మీ మీద మంచి అభిప్రాయం మిగులుతుంది కానీ ఉదాహరణలు మిగలవు. ఫోను చేసినవారు "ఒక సందర్భం చెప్పండి" అనగానే ఆయన తడబడతారు. తడబాటును అవతలివారు అనుమానంగా రాసుకుంటారు.

సందర్భం ఎలా రాయాలో చూడండి. "నేను చాలా జాగ్రత్తగా పనిచేసేదాన్ని" అని రాస్తే ఆయనకు ఏమీ గుర్తురాదు. మన ఉదాహరణలో ఆమె ఇలా రాశారు: "షిప్పింగ్ లైన్ పంపిన బిల్ ఆఫ్ లేడింగ్ డ్రాఫ్టులో ఒక రీఫర్ కంటెయినర్ నంబరులో రెండు అంకెలు తారుమారయ్యాయి. గేటు స్లిప్పుతో పోల్చి పట్టుకున్నాను. ఒరిజినల్ జారీ కాకముందే మీరు లైన్‌తో మాట్లాడి సరిచేయించారు." కంటెయినర్ నంబరులో నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు ఉంటాయి. చివరి అంకె ముందున్నవాటిని సరిచూసుకోవడానికే ఉంటుంది. ఈ పనిలో ఉన్న మేనేజర్‌కు అంత చెబితే ఆ రోజంతా కళ్లముందుకు వస్తుంది. చివరి వాక్యంలో ఆయన చేసిన పని కూడా ఉందని గమనించండి. అది పొగడ్త కాదు, ఆయన అక్కడ ఉన్నారనడానికి గుర్తు.

రెండు సందర్భాలు చాలు. ఆరు రాస్తే అప్పజెప్పమని పాఠం ఇచ్చినట్లు ఉంటుంది. జరగనిది ఒక్క ముక్క కూడా చేర్చవద్దు. ఆయన అంగీకరించని మాటను ఆయన నోట పెట్టవద్దు.

## 4. మొదటి సందేశం చిన్నది

చాలాకాలం తరువాత పలకరిస్తూ ఒకేసారి పేజీ మొత్తం పంపితే ఎవరికైనా బరువనిపిస్తుంది. ముందు వాట్సాప్‌లో వివరాలు పంపవచ్చా అని మాత్రమే అడగండి.

> నమస్కారం సర్. 2020 నుంచి 2023 వరకు మీ దగ్గర డాక్యుమెంటేషన్‌లో పనిచేసిన (పేరు)ను. ఎగుమతి పత్రాల ఇన్‌ఛార్జి పోస్టు ఒకటి చివరి దశలో ఉంది. రెఫరెన్స్ విషయంలో మిమ్మల్ని అడగాలనుకుంటున్నాను. వివరాలు మెయిల్‌లో పంపవచ్చా? చూశాకే నిర్ణయం చెప్పండి. ఇప్పుడున్న ఆఫీసులో ఈ సంగతి ఇంకా తెలియదు, దయచేసి మన మధ్యే ఉంచండి.

"సర్, ఎలా ఉన్నారు?" అని మాత్రమే పెట్టి జవాబు కోసం కాచుకోవద్దు. ఆయన "బాగున్నానమ్మా, ఏం సంగతి?" అన్నాక అవసరం బయటపెట్టడం అందరికీ తెలిసిన ఎత్తే. అవసరం ఉన్నప్పుడు అవసరమే ముందు చెప్పడం మర్యాద.

ఈ సందేశంతో ఇంకో ఉపయోగం ఉంది. ఆయన "పంపండి" అన్నారంటే నంబరు మారలేదని, మెసేజీలు చూస్తున్నారని తెలుస్తుంది. తరువాత మెయిల్‌కు జవాబు రాకపోతే అందలేదేమో అన్న సందేహం ఉండదు.

## 5. అసలు మెయిల్

మెయిల్ ఇంగ్లిషులో రాసినా తెలుగులో రాసినా వరుస ఇదే: సందర్భం, అభ్యర్థన, పని వివరాలు, ఆయనకు పట్టే సమయం, కాదనే దారి, గడువు.

> సర్, నమస్కారం.
>
> రొయ్యల ఎగుమతి సంస్థలో ఎగుమతి పత్రాల ఇన్‌ఛార్జి పోస్టుకు నా ఎంపిక చివరి దశలో ఉంది. ఉద్యోగం విశాఖలోనే. కంపెనీ పేరు, ప్రకటన జతచేసిన పేజీలో ఉన్నాయి.
>
> నా పని గురించి మంచిగా, వివరంగా మాట్లాడగలనని మీకు అనిపిస్తేనే రెఫరెన్స్‌గా మీ పేరు ఇవ్వాలనుకుంటున్నాను.
>
> ఆ పోస్టులో ముఖ్యమైన పనులు మూడు: షిప్పింగ్ బిల్లులు వేయించడం, బిల్ ఆఫ్ లేడింగ్ డ్రాఫ్టులు సరిచూడడం, హెల్త్ సర్టిఫికెట్ మొదలైన పత్రాలు ఓడ కటాఫ్‌కు ముందే సిద్ధం చేయించడం. మొదటి రెండూ మీ దగ్గర చేశాను. మూడోది తరువాతి ఉద్యోగంలో నేర్చుకున్నాను, దాని గురించి మీరు మాట్లాడనవసరం లేదు.
>
> వాళ్ల హెచ్‌ఆర్ వచ్చేవారం ఫోను చేస్తారు. పదిహేను నిమిషాలు పట్టవచ్చు. మీ సొంత మెయిల్ సరిపోతుందన్నారు.
>
> కంపెనీ నిబంధనలు, పని ఒత్తిడి, చాలాకాలం కావడం, ఇలా ఏ కారణంగానైనా వీలుకాకపోతే "ఈసారి కుదరదు" అని ఒక్క మాట చాలు. కారణం చెప్పనవసరం లేదు. మరొకరిని అడిగే వీలు నాకు ఉంది. ఉద్యోగం చేసిన కాలం, చేసిన పనులు మాత్రమే చెబుతానన్నా సరే.
>
> గురువారం సాయంత్రంలోగా మీ నుంచి కబురు రాకపోతే వీలుకాలేదని అనుకుని మరొకరి పేరు ఇస్తాను. మళ్లీ గుర్తుచేయను.
>
> ఇట్లు,
> (పేరు, ఫోను)

"మూడోది మీరు మాట్లాడనవసరం లేదు" అన్న వాక్యం చాలామందికి తట్టదు. దాని వల్ల తనకు తెలియనిది తెలిసినట్లు చెప్పాల్సి వస్తుందేమోనన్న భయం ఆయనకు పోతుంది.

## 6. కాదనే దారి నిజంగా తెరిచి ఉందా?

"వీలైతేనే చేయండి సర్" అని రాసేస్తే దారి తెరిచినట్లు కాదు. మనవాళ్లలో పాత సహోద్యోగి అడిగితే మొహం మీద కాదనడం కష్టం. "అలాగేనమ్మా" అంటారు. తరువాత ఫోను ఎత్తరు, లేదా ఎత్తి "ఆఁ, బాగానే చేసేది" అని ఆపేస్తారు. ఫోను చేసినవారి కాగితం మీద అది మైనస్సే. మర్యాద కోసం వచ్చిన అంగీకారం కంటే ముందే వచ్చిన నిరాకరణ మీకు లాభం. ఇంకొకరిని అడిగే సమయం చేతిలో ఉంటుంది.

పై మెయిల్‌లో ఆ దారిని నాలుగు వైపుల నుంచి కట్టాం.

మొదటిది, ఆయన వాడుకోగల కారణాలు మనమే ఇచ్చాం. వీటిలో కంపెనీ నిబంధన ఉత్తి సాకు కాదు. హెచ్‌ఆర్ తప్ప మేనేజర్లు పాత ఉద్యోగుల గురించి మాట్లాడకూడదనే నియమం చాలా సంస్థల్లో నిజంగానే ఉంది.

రెండోది, మరొకరు ఉన్నారని చెప్పాం. "మీరు తప్ప నాకు దిక్కెవరూ లేరు సర్" అనే మాటకు ఇది పూర్తిగా వ్యతిరేకం. అయితే ఇది నిజమై ఉండాలి. ఆమె ఈ మెయిల్ పంపకముందే ఆ ఆఫీసులోని అసిస్టెంట్ మేనేజర్‌ను రెండో పేరుగా అనుకుని పెట్టుకున్నారు.

మూడోది, సగం దారి చూపాం. కాలం, పనులు మాత్రమే చెప్పడం. అభిప్రాయం చెప్పడానికి ఇష్టపడనివారు దీనికి సాధారణంగా అభ్యంతరం చెప్పరు. వారు ఈ దారి ఎంచుకుంటే ప్రధాన రెఫరెన్స్‌గా మరొకరిని పెట్టి, వీరిని రెండో పేరుగా ఇవ్వండి.

నాలుగోది, మౌనాన్నే జవాబుగా తీసుకుంటామన్నాం. అన్నిటికంటే పనిచేసేది ఇదే. ఆయన కాదనడానికి ఏమీ చేయనవసరం లేదు. ఇచ్చిన మాటను మీరు నిలబెట్టుకోవాలి కూడా. గురువారం రాత్రి "సర్, చూశారా?" అని పెడితే కట్టినదంతా కూలిపోతుంది. జవాబు వచ్చిందా లేదా అని గంటకోసారి చూసుకోవడం ఎలాగూ ఆపలేరు కానీ, ఆ సంగతి ఆయనకు తెలియనివ్వకండి.

దారి మూసేసే పనులు కొన్ని ఉన్నాయి. ముందుగా చెప్పకుండా ఫోను చేసి అక్కడికక్కడే అడగడం. ఆదివారం స్వీట్ల డబ్బాతో ఇంటికి వెళ్లడం. బంధువుతోనో పాత స్నేహితుడితోనో ఒక మాట చెప్పించడం. పాత ఆఫీసు వాట్సాప్ గ్రూపులో అందరి ముందు అడగడం. చనువు ఎంత ఉన్నా ఈ నాలుగూ వద్దు. ఇంటికి వెళ్లాలనుంటే ఉద్యోగం తేలాక వెళ్లండి.

## 7. జవాబును ఎలా చదవాలి

స్పష్టమైన అంగీకారం. "తప్పకుండా. బుధవారం మధ్యాహ్నం తరువాత చేయమను" అంటారు. సమయం చెప్పారంటే మనసులో ఒప్పుకున్నట్లే. వెంటనే తరువాతి మెట్టుకు వెళ్లండి.

నీళ్లు నమిలే అంగీకారం. "చూద్దాంలే, నంబరైతే ఇవ్వు" అన్నా, "నీ గురించి నాకు పెద్దగా గుర్తులేదు కానీ సరే" అన్నా ఆ పేరు ఇవ్వవద్దు. ఇలా రాయండి: "ధన్యవాదాలు సర్. మీకు పని ఎక్కువగా ఉన్నట్లుంది, ఈసారి మరొకరి పేరు ఇస్తున్నాను. మీరు ఇబ్బంది పడవద్దు." ఆయనకు నిజంగా ఇష్టమే ఉంటే "లేదు లేదు, నేనే మాట్లాడతాను" అని తిరిగి రాస్తారు.

నిరాకరణ. రెండు వాక్యాల్లో ముగించండి. "తెలియజేసినందుకు ధన్యవాదాలు సర్. మీ వీలు నాకు అర్థమైంది." ఎందుకని అడగవద్దు, సగం దారిని మళ్లీ గుర్తుచేయవద్దు.

షరతు. "మాట్లాడతాను కానీ, నువ్వు నోటీసు పూర్తిగా చేయకుండా వెళ్లిన సంగతి అడిగితే దాచను" అనవచ్చు. దీన్ని చూసి బెదరనవసరం లేదు. ఇంటర్వ్యూలో మీరు కూడా అదే చెప్పి ఉంటే ఇది మంచి రెఫరెన్సే. చెప్పకపోతే, ఆయనకు ఫోను వెళ్లకముందే మీరే హెచ్‌ఆర్‌కు చెప్పండి.

## 8. ఒప్పుకున్నాక చేయవలసినవి

- ఏ నంబరు, ఏ మెయిల్ ఇవ్వాలో ఆయననే అడగండి.
- ఆయన అప్పటి హోదా, ఇప్పటి హోదా రెండూ ఫారంలో రాయండి. ఉద్యోగం మారి ఉంటే అప్పుడు ఎక్కడ, ఇప్పుడు ఎక్కడ అన్నది వేరుగా రాయండి.
- ఆయనకు వీలైన రోజులు, గంటలు హెచ్‌ఆర్‌కు చెప్పండి.
- ఫోను చేసే కంపెనీ లేదా ఏజెన్సీ పేరు ఆయనకు ముందురోజు పంపండి. తెలియని నంబరు నుంచి వచ్చే ఫోన్లను లోన్ల బేరమనుకుని ఎవరూ ఎత్తడం లేదు.
- ఇప్పుడున్న ఆఫీసుకు ఇంకా తెలియదని హెచ్‌ఆర్‌కు కూడా గుర్తుచేయండి.

సాధారణంగా అడిగేవి కూడా ఆయనకు ఒక వరుసలో చెప్పండి: ఎంతకాలం, ఏ పనిలో, బలం ఏమిటి, మెరుగుపడవలసింది ఏమిటి, ఎందుకు మానేశారు, మళ్లీ తీసుకుంటారా. జవాబులు మాత్రం మీరు రాసివ్వవద్దు. ఇద్దరు రెఫరెన్సుల నోట ఒకే వాక్యం వస్తే వినేవారికి ఇట్టే తెలిసిపోతుంది.

"మెరుగుపడవలసింది" అన్న ప్రశ్న దగ్గర మేనేజర్లు మొహమాటపడతారు. "అది అడిగితే ఉన్నది చెప్పండి సర్, నేనూ ఇంటర్వ్యూలో చెప్పాను" అని ముందే అనుమతి ఇవ్వండి. మన ఉదాహరణలో ఆమె మొదటి ఏడాది ఓడ ఏజెంట్లతో గట్టిగా మాట్లాడలేకపోయేవారు. ఆ సంగతి ఇంటర్వ్యూలో తానే చెప్పారు. మేనేజర్ కూడా అదే చెబితే మిగతా మాటలకు నమ్మకం పెరుగుతుంది.

## 9. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

నంబరు ముందే ఇచ్చేశారు. ఈ రోజే హెచ్‌ఆర్‌కు రాయండి: "వారి అనుమతి ఇంకా రాలేదు, నేను చెప్పే వరకు ఫోను చేయవద్దు." తరువాత మేనేజర్‌కు జరిగింది ఉన్నదున్నట్లు చెప్పి, కాదంటే పేరు వెనక్కి తీసుకుంటానని రాయండి.

తేదీలు కలవలేదు. రెజ్యూమేలో మార్చి, రిలీవింగ్ లెటర్‌లో ఏప్రిల్ అని ఉంటే మేనేజర్ చెప్పే మూడో నెలతో గందరగోళం పెరుగుతుంది. పేజీలో లెటర్‌లో ఉన్న నెలే రాయండి, రెజ్యూమేను కూడా అలాగే దిద్దండి.

హోదా పెంచి రాశారు. ఎగ్జిక్యూటివ్‌గా చేసి సీనియర్ ఎగ్జిక్యూటివ్ అని రాస్తే మొదటి ప్రశ్నకే దొరికిపోతారు. దీనికి సవరణ ఒక్కటే, రెజ్యూమే మార్చి హెచ్‌ఆర్‌కు కొత్త ప్రతి పంపడం.

హెచ్‌ఆర్ రెండు సార్లు చేసినా ఆయన ఎత్తలేదు. ఒక్క సందేశం పెట్టండి: "సర్, వారు ఫలానా నంబరు నుంచి ప్రయత్నించారట. వీలుకాకపోతే చెప్పండి, రెండో పేరు ఇస్తాను." ఆ రోజు గడిచాక రెండో పేరు ఇచ్చేయండి.

ఫలితం చెప్పలేదు. ఉద్యోగం వచ్చినా రాకపోయినా తేలిన రోజే ఆయనకు ఒక మెసేజీ పెట్టండి. వచ్చి ఉంటే ఏ తేదీన చేరుతున్నారో, ఇప్పటి ఆఫీసులో రాజీనామా ఇచ్చారో లేదో కూడా రాయండి. అది తెలిసే వరకు ఆయన పోర్టు దగ్గర మీ ఇప్పటి మేనేజర్ ఎదురుపడినా నోరు విప్పకూడదు కదా.